బ్రోషర్‌లో ఒక ఎల్‌పీ నంబర్, అగ్రిమెంట్‌లో ఇంకో ఎల్‌పీ నంబర్: ప్లాటు తుడా లేఅవుట్‌లో ఉందో లేదో ఎట్లా తేల్చుకోవాలి?

చంద్రగిరి_వేణు
అందరికీ నమస్కారం. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను. అమ్మానాన్నలు చంద్రగిరిలో ఉంటారు. మండలంలోనే ఒక ఊరి పక్కన 50 అంకణాల ప్లాటు చూశాం. 30 అడుగులు, 60 అడుగుల కొలత, ప్లాట్ నంబర్ 41. టోకెన్‌గా యాభై వేలు ఇచ్చేశాం.

బ్రోషర్ మీద "తుడా అప్రూవ్డ్, ఎల్‌.పి. నం. …/2016" అని ఉంది. నంబర్ ఇక్కడ పెట్టడం లేదు. తుడా, అంటే తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ, వెబ్‌సైట్‌లోని లేఅవుట్ల జాబితాలో వెతికితే ఆ నంబర్ దొరికింది. ఊరి పేరు, వెంచర్ వేసిన వాళ్ల పేరు కూడా సరిపోయాయి. ఇంక భయం లేదనుకున్నాను.

నిన్న అగ్రిమెంట్ డ్రాఫ్ట్ పంపారు. అందులో షెడ్యూల్‌లో "ఎల్‌పీ నం. 318" అని రాశారు. 2016 అని గానీ, స్లాష్ గానీ లేదు. అడిగితే "రెండూ ఎల్‌పీ నంబర్లే సార్, ఒకటి పాతది ఒకటి కొత్తది" అన్నారు. నాన్నకు నమ్మకం కుదరలేదు. రెండు నంబర్లు ఎందుకు ఉంటాయి? ఏది సరైనది? వచ్చే శుక్రవారం అడ్వాన్స్ ఇవ్వాలి, చాలా టెన్షన్‌గా ఉంది.

పుత్తూరు_పద్మ
వేణు గారూ, జాబితాలో నంబర్ ఉంది, ఊరు, పేరు కలిశాయి అంటున్నారు కదా, అంతకంటే ఏం కావాలి? మేము 2019లో కొన్నప్పుడు కూడా ఇంతే చూశాం. పైగా ఆ లేఅవుట్‌లో బ్యాంకు లోన్లు ఇస్తున్నారేమో కనుక్కోండి. బ్యాంకు వాళ్ల లాయర్ చూశాడంటే అన్నీ చూసినట్టే. రెరా నంబర్ ఉంటే ఇంకా మంచిది. జాబితాలో లేకపోతే మాత్రం ఫేక్ అనుకోవాల్సిందే.

కాళహస్తి_మూర్తి
మాది కూడా ఇదే సమస్య. మాకు లేఅవుట్ నంబర్ లేదు, పంచాయతీ ప్లాటు. 2020లో అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్లను క్రమబద్ధం చేసే ఎల్‌ఆర్‌ఎస్ పథకం వచ్చినప్పుడు అప్లై చేసి డబ్బు కట్టాం. ప్రొసీడింగ్ వచ్చింది, ప్లాన్ పెట్టి ఇల్లు కూడా కట్టుకున్నాం. మీరు కూడా ఎల్‌ఆర్‌ఎస్ చేయించుకోండి, ఇబ్బంది ఉండదు.

చంద్రగిరి_వేణు
మూర్తి గారూ, మాది అప్రూవ్డ్ లేఅవుట్ అనే చెప్తున్నారు, ఆ ధరే అడుగుతున్నారు. అప్రూవ్డ్ అయితే ఎల్‌ఆర్‌ఎస్ అవసరం ఎందుకు వస్తుంది? నా ప్రశ్న ఈ ప్లాటు నిజంగా ఆ లేఅవుట్ లోపల ఉందా అని.

గొలుసు_లింకు
వేణూ, శుక్రవారం అడ్వాన్స్ ఇవ్వొద్దు. ముందు ఆ మాట చెప్పి తర్వాత మిగతాది రాస్తాను. నేను లైసెన్స్‌డ్ సర్వేయర్‌ని. మన ప్రాంతంలోనే పని చేస్తాను.

ఆ రెండు ఎల్‌పీలు ఒకే మాట కాదు. బ్రోషర్‌లో ఉన్నది లేఅవుట్ ప్లాన్ నంబర్. తుడా ఒక భూమిని ప్లాట్లుగా విడగొట్టడానికి అనుమతి ఇచ్చినప్పుడు ఆ డ్రాయింగ్‌కు వేసే నంబర్. అందుకే వెనక సంవత్సరం ఉంటుంది. అగ్రిమెంట్‌లో ఉన్న 318 అనేది ల్యాండ్ పార్శిల్ నంబర్. 2020 చివర్లో మొదలైన భూముల రీసర్వేలో ఊరంతా డ్రోన్లతో, రోవర్లతో కొలిచి పాత సర్వే నంబర్ల స్థానంలో వేసిన కొత్త నంబర్. దానికీ తుడాకూ సంబంధం లేదు. వరి మడికి కూడా ల్యాండ్ పార్శిల్ నంబర్ ఉంటుంది.

కాబట్టి "రెండూ ఎల్‌పీ నంబర్లే" అన్న మాట వినడానికి నిజం, అర్థంలో పూర్తిగా తప్పు. అమ్మేవాళ్లకు తెలియక అన్నారో, తెలిసే అన్నారో నేను చెప్పలేను. కానీ ఈ ఒక్క మాట దగ్గరే చాలామంది ఆగిపోతున్నారు. కాగితం మీద "ఎల్‌పీ" కనబడగానే అప్రూవల్ అనుకుంటున్నారు.

ఇప్పుడు నువ్వు చేయాల్సిన పని ఒకటే. 318 పాత సర్వే నంబర్లలో ఏదో కనుక్కో. రీసర్వే అయిన ఊళ్లకు పాత నంబర్, కొత్త నంబర్ పక్కపక్కన ఉండే పట్టిక ఉంటుంది. meebhoomi.ap.gov.in లో వెతుకు. దొరక్కపోతే నాన్నగారిని సచివాలయంలో గ్రామ సర్వేయర్ దగ్గరికి పంపు, ఆయన దగ్గర ఉంటుంది. ఇంకోటి, తుడా జాబితాలో ఆ లేఅవుట్ ఎదురుగా ఏ సర్వే నంబర్లు, ఎంత విస్తీర్ణం ఉందో ఇక్కడ రాయి.

బైరాగిపట్టెడ_సుధ
నేను రిజిస్ట్రేషన్ పత్రాలు రాసే ఆఫీసులో పని చేస్తాను. గొలుసు గారు చెప్పింది అక్షరాలా నిజం. ఇంకో నంబర్ గురించి కూడా చెప్పాలి. కొందరు బోర్డు మీద ఆర్‌ఓసీ నంబర్ వేసి "తుడా నంబర్" అంటారు. అది ఆఫీసులో ఫైలుకు వేసే నంబర్. దరఖాస్తు పెట్టగానే వస్తుంది. ఆ ఫైలు చివరికి ఆమోదం పొందిందో, కొర్రీ వేసి వెనక్కి పంపారో ఆ నంబర్ చెప్పదు.

రిజిస్టర్ అయ్యింది కదా అని కూడా ధైర్యపడకండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మేము రాసిచ్చిన షెడ్యూల్‌ను లేఅవుట్ డ్రాయింగ్ పక్కన పెట్టి ఎవరూ కొలవరు. "తుడా అప్రూవ్డ్ లేఅవుట్‌లో ప్లాట్ నం. 41" అని షెడ్యూల్‌లో రాస్తే అది పార్టీలు చెప్పిన మాట మాత్రమే.

పుత్తూరు_పద్మ
సుధ గారూ, మరి బ్యాంకు లాయర్ చూడడా?

బైరాగిపట్టెడ_సుధ
లాయర్ చూసేది ప్రధానంగా హక్కు పత్రాలు, పద్మ గారూ. ఎవరి నుంచి ఎవరికి వచ్చింది, రిజిస్టర్ అయిన లావాదేవీలు చూపించే ఈసీలో ఏముంది, తనఖాలు ఉన్నాయా అన్నది. ఆ ప్లాటు నేల మీద ఎక్కడ ఉందో ఆయన వెళ్లి చూడడు. బ్యాంకు ఇంజినీరు వెళ్తాడు గానీ ఆయనకు దారి చూపించేది అమ్మేవాడే.

గొలుసు_లింకు
పద్మ గారి రెరా మాటలో మాత్రం సగం పనికొచ్చేది ఉంది. రెరాలో రిజిస్టర్ అయిన వెంచర్ అయితే rera.ap.gov.in లో ఆ ప్రాజెక్టు పేజీలో ఆమోదించిన డ్రాయింగ్ పెట్టి ఉంటారు. బ్రోషర్ బొమ్మతో పోల్చుకోవడానికి అది బాగా ఉపయోగపడుతుంది. అయితే రెరా నంబర్ ఉండటం వేరు, నీ ప్లాటు ఆ డ్రాయింగ్‌లో ఉండటం వేరు. డ్రాయింగ్ తెరిచి చూడనంత వరకు నంబర్ ఏమీ చెప్పదు.

జాబితాలో లేకపోతే ఫేక్ అన్నది కూడా సరికాదు. తుడా పరిధి మొదట్లో చిన్నది, తర్వాత చాలా మండలాలు కలిశాయి. ఒక ఊరు తుడాలో కలవక ముందు అక్కడ వేసిన లేఅవుట్‌కు డీటీసీపీ వాళ్లు అనుమతి ఇచ్చి ఉంటారు. ఆ నంబర్ తుడా జాబితాలో కనబడకపోవచ్చు. అప్పుడు జిల్లా టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ ఆఫీసులో అడగాలి. పంచాయతీ ఆఫీసులో కూడా ఒక కాపీ ఉండాలి. మరి "పంచాయతీ అప్రూవ్డ్" అని ఉత్తినే రాసి, వెనక టౌన్ ప్లానింగ్ వాళ్ల సాంకేతిక ఆమోదం నంబర్ ఏదీ చూపించకపోతే దాన్ని అప్రూవ్డ్ లేఅవుట్ అనుకోకండి.

చంద్రగిరి_వేణు
నాన్న ఈ రోజు సచివాలయానికి వెళ్లి వచ్చారు. గ్రామ సర్వేయర్ పట్టిక చూసి చెప్పారట: కొత్త నంబర్ 318 అంటే పాత సర్వే నంబర్ 113/2. విస్తీర్ణం 98 సెంట్లు.

తుడా జాబితాలో ఆ లేఅవుట్ ఎదురుగా ఉన్నవి 112/1, 112/2, 113/1. మొత్తం 4 ఎకరాల 62 సెంట్లు.

113 ఉంది, కానీ 113/2 లేదు. ఇది టైపింగ్ పొరపాటు కావచ్చా? అమ్మేవాళ్లు మాత్రం "113 అంటే మొత్తం 113 సార్, బై నంబర్లు రెవెన్యూ వాళ్ల లెక్క" అంటున్నారు.

గొలుసు_లింకు
బై నంబర్ రెవెన్యూ వాళ్ల లెక్క కాదు, అది హద్దు. 113/1కి, 113/2కి మధ్య నేల మీద ఒక గీత ఉంటుంది, ఆ గీత సర్వే శాఖ కొలతల పటం ఎఫ్‌ఎంబీలో కొలతలతో సహా ఉంటుంది. లేఅవుట్ ఆ గీత దగ్గర ఆగిందా, దాటిందా అన్నదే నీ ప్రశ్న అంతా.

టైపింగ్ పొరపాటేమో తేల్చడానికి విస్తీర్ణం కూడి చూడు. 112/1, 112/2, 113/1 మూడింటి విస్తీర్ణాలు పాత అడంగల్ నుంచి తీసి కలుపు. 4.62 వస్తే 113/2 అందులో లేనట్టే. 113/2 కూడా ఉండి ఉంటే మొత్తం 5.60 అయ్యేది.

అట్లాగే బ్రోషర్‌లో మొత్తం ఎన్ని ప్లాట్లు చూపించారు?

చంద్రగిరి_వేణు
112/1 ఎకరా 84 సెంట్లు, 112/2 ఎకరా 26, 113/1 ఎకరా 52. కూడితే సరిగ్గా 4.62.

బ్రోషర్‌లో 84 ప్లాట్లు. దాదాపు అన్నీ 50 అంకణాలే.

గొలుసు_లింకు
అయితే డ్రాయింగ్ చూడకుండానే ఒక లెక్క వేయొచ్చు. మన తిరుపతి వైపు అంకణం 36 చదరపు అడుగులు, కాబట్టి 50 అంకణాలు అంటే 200 గజాలు. (గూడూరు, నాయుడుపేట వైపు వాళ్లు చదువుతుంటే, మీ అంకణం 72 అడుగులది, ఈ లెక్క మీకు కుదరదు.)

4.62 ఎకరాలు అంటే సుమారు 22,360 గజాలు. 84 ప్లాట్లకు 16,800 గజాలు పోతాయి. పార్కుకు పదో వంతు వదలాలి, అది 2,236. మిగిలింది 3,300 చిల్లర. అంటే మొత్తం భూమిలో 15 శాతం కూడా లేదు. అందులోనే రోడ్లన్నీ రావాలి. 200 గజాల ప్లాట్లు వేసి, ప్రతి ప్లాటుకూ 30 అడుగులో 40 అడుగులో రోడ్డు ఇస్తే రోడ్లకే పాతిక నుంచి ముప్పై శాతం పోతుంది. నేను కొలిచిన వాటిలో అంతకంటే బాగా తక్కువకు వచ్చింది లేదు. కాబట్టి 4.62 ఎకరాల్లో 84 ప్లాట్లు పట్టవు. ఎక్కడో బయటి భూమి కలిసింది.

ఇది రుజువు కాదు, అనుమానానికి గట్టి ఆధారం. రుజువు కావాలంటే తుడా ఆఫీసు నుంచి ఆమోదించిన డ్రాయింగ్ ధ్రువీకరించిన నకలు తీసుకోవాలి. ప్లానింగ్ విభాగంలో ఎల్‌పీ నంబర్, సంవత్సరం, రెవెన్యూ గ్రామం పేరు రాసి అర్జీ పెట్టు. రెవెన్యూ గ్రామం అని ఎందుకు అంటున్నానంటే, మనం పల్లె పేరు చెప్తాం, డ్రాయింగ్ మీద ఉండేది రెవెన్యూ గ్రామం పేరు. రెండూ వేరుగా ఉంటే ఫైలు దొరకలేదని పంపేస్తారు. నకలు ఇవ్వడంలో ఆలస్యమైతే సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజుతో అడుగు, ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి.

అమ్మేవాళ్లు ఇచ్చే జిరాక్స్ మీద ఆధారపడొద్దు. ముద్ర, సంతకం ఉన్న మూలను అట్లాగే ఉంచి డ్రాయింగ్ భాగాన్ని మార్చి తీసిన జిరాక్సులు నేను చూశాను.

కరకంబాడి_నాగమణి
నా విషయం కూడా చెప్తాను, వేణుకు ఉపయోగపడుతుందేమో. మా ప్లాటు సర్వే నంబర్ లేఅవుట్ లోపలే ఉంది. ప్లాటు నంబర్ కూడా డ్రాయింగ్‌లో ఉంది. అయినా మోసపోయాం. మాకు చూపించిన స్థలం డ్రాయింగ్‌లో పార్కు. మా నంబర్ ప్లాటు వేరే మూలన ఉంది, దాన్ని అప్పటికే ఇంకొకరు కొని కాంపౌండ్ కట్టారు. ఇంటి ప్లాన్ పెట్టినప్పుడు బయటపడింది. పార్కు స్థలాన్ని వెంచర్ వాళ్లు ఎప్పుడో గిఫ్ట్ డీడ్ కింద పంచాయతీకి రాసిచ్చేశారని, అక్కడ ఎవరికీ అనుమతి రాదని చెప్పారు. మేము నంబర్లు మాత్రమే చూశాం, నాలుగు దిక్కుల హద్దులు చూడలేదు. ఆరేళ్లుగా కోర్టు చుట్టూ తిరుగుతున్నాం.

గొలుసు_లింకు
నాగమణి గారూ, మీ బాధ వింటే కడుపు తరుక్కుపోతోంది. మీరు చెప్పింది చాలా ముఖ్యమైన విషయం. ప్లాటు నంబర్ ఒక్కటే ఎప్పుడూ సరిపోదు. బ్రోషర్ గీసేవాడు తన ఇష్టం వచ్చినట్టు నంబర్లు మారుస్తాడు. డ్రాయింగ్‌లో 41కి తూర్పున ఏముంది, పడమర ఏముంది, ఉత్తరం, దక్షిణం ఏమున్నాయి, రోడ్డు ఎన్ని అడుగులు, ఆ నాలుగూ అగ్రిమెంట్ షెడ్యూల్‌లోని నాలుగు హద్దులతో మాటకు మాట కలవాలి.

వేణూ, నీ షెడ్యూల్‌లో హద్దులు ఏం రాశారు?

చంద్రగిరి_వేణు
తూర్పు: ప్లాట్ నం. 42. పడమర: ప్లాట్ నం. 40. ఉత్తరం: 30 అడుగుల రోడ్డు. దక్షిణం: వంక పోరంబోకు.

సోమవారం నాన్న తుడాలో అర్జీ ఇస్తారు. శుక్రవారం ఇవ్వలేమని అమ్మేవాళ్లకు చెప్పాను. కోపంగా ఉన్నారు, టోకెన్ పోతుందని అన్నారు.

బైరాగిపట్టెడ_సుధ
టోకెన్‌కు రసీదు ఉందా? అందులో "తుడా అప్రూవ్డ్" అన్న మాట రాశారా చూడండి. రాసి ఉంటే ఆ రసీదును జాగ్రత్తగా దాచండి. ఈలోగా రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ ఐజీఆర్‌ఎస్‌లో 113/2కి, 113/1కి విడివిడిగా ఈసీ తీయండి. అసలు లేఅవుట్ భూమి అయితే వెంచర్ వాళ్లు రోడ్లు, పార్కు పంచాయతీకి గిఫ్ట్ రాసిన పత్రం, అభివృద్ధి పనులు పూర్తయ్యే దాకా కొన్ని ప్లాట్లు తుడాకు తనఖా పెట్టిన పత్రం కనబడాలి. 113/1 ఈసీలో అవి ఉండి 113/2 ఈసీలో ఏమీ లేకపోతే మీకే అర్థమవుతుంది.

చంద్రగిరి_వేణు
పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను. నకలు చేతికి వచ్చింది.

డ్రాయింగ్‌లో మొత్తం ప్లాట్లు 68. 41వ నంబర్ ప్లాటు ఉంది. కానీ అది 112/1లో, ఉత్తరం కొసన. దానికి ఉత్తరాన 40 అడుగుల రోడ్డు, దక్షిణాన ప్లాట్ 30. వంక డ్రాయింగ్‌లో ఉంది గానీ ఏ ప్లాటుకూ ఆనుకొని లేదు. లేఅవుట్ దక్షిణపు గీతకూ వంకకూ మధ్య ఖాళీగా వదిలి "సర్వే నం. 113/2" అని రాసి ఉంది.

ఈసీలో కూడా సుధ గారు చెప్పినట్టే. 113/1లో గిఫ్ట్ డీడ్, తనఖా, తర్వాత తనఖా విడుదల మూడూ కనబడ్డాయి. 113/2లో 2018లో ఒక కొనుగోలు మాత్రమే ఉంది.

నాన్న ఇంకా ఒప్పుకోవడం లేదు. "కాగితాలు ఎట్లా ఉన్నా, నేను చూసిన రాళ్లు, రోడ్డు అన్నీ ఒకటే వెంచర్‌లా ఉన్నాయి" అంటున్నారు. నేల మీద ఆ గీత ఎక్కడుందో చూపించే దారి ఉందా? నేను గూగుల్ ఎర్త్ మీద డ్రాయింగ్ ఫొటో పెట్టి చూశాను, ప్లాటు గీత బయటే పడుతోంది. దాన్ని నమ్మొచ్చా?

గొలుసు_లింకు
కొంతవరకే. ఉపగ్రహ చిత్రం మీద డ్రాయింగ్ అతికించినప్పుడు రెండు మూడు మీటర్లు అటూ ఇటూ జరగడం మామూలే. ఫొటో తీసినప్పుడు కాగితం వంగి ఉంటే ఇంకా ఎక్కువ. డ్రాయింగ్‌లోని 41 ఉత్తరం కొసన ఉంది, నీకు చూపించింది వంక పక్కన ఉంది. అంత దూరంలో ఉన్న తేడాను పట్టుకోవడానికి గూగుల్ ఎర్త్ చాలు. గీతకు పది అడుగుల దగ్గర్లో ఉన్న ప్లాటు విషయంలో మాత్రం దాని మాట అసలు పట్టించుకోవద్దు.

నాన్నగారికి టేపుతో చూపించొచ్చు. మండల సర్వేయర్ ఆఫీసులో 113 సర్వే నంబర్ పాత ఎఫ్‌ఎంబీ నకలు తీసుకో. అందులో ప్రతి గీత పక్కన అంకె ఉంటుంది, అది లింకుల్లో ఉంటుంది. వంద లింకులు 66 అడుగులు. 112, 113, పక్క సర్వే నంబర్ మూడూ కలిసే చోట రాయి ఉండాలి. ఆ రాయి నుంచి 113/1 తూర్పు గట్టు వెంట దక్షిణానికి ఎన్ని లింకులు ఉందో చూడు. అంత దూరానికి 113/1 అయిపోతుంది. అదే రాయి నుంచి మీ ప్లాటు వరుస మొదలయ్యే చోటుకు టేపు పట్టండి. గట్టు వంకరగా ఉంటే ముక్కలు ముక్కలుగా కొలవాలి. టేపు వేలాడకుండా ఇద్దరు పట్టుకోవాలి.

చంద్రగిరి_వేణు
ఆదివారం నేనే వచ్చాను. నాన్న, నేను, మా మామయ్య ముగ్గురం వెళ్లాం. రాయి చింతచెట్టు మొదట్లో సగం మట్టిలో పూడి ఉంది, గ్రామ సర్వేయర్ చూపించారు.

ఎఫ్‌ఎంబీలో 113/1 తూర్పు గట్టు 412 లింకులు. అంటే 272 అడుగులు. మేము కొలిస్తే ప్లాట్ 41 ఉత్తరపు రాయి 310 అడుగుల దగ్గర వచ్చింది. గీత దాటి 38 అడుగులు బయట. ఆ 38 అడుగుల్లో 30 అడుగుల రోడ్డు ఉంది. అంటే వాళ్లు ప్లాటు ముందు వేసిన రోడ్డు కూడా లేఅవుట్‌లో లేదు.

నాన్న ఏమీ మాట్లాడలేదు. ఇంటికి వచ్చాక "టోకెన్ పోయినా పర్లేదు" అన్నారు.

పుత్తూరు_పద్మ
వేణు గారూ, మీరు తప్పించుకున్నారు. నేను మొదట్లో జాబితా చాలు అన్నందుకు ఏమీ అనుకోకండి. ఇది చదివాక మా డ్రాయింగ్ నకలు కూడా తీయిస్తున్నాను. మా ఊరికి రీసర్వే అయింది గానీ పత్రాల్లో పాత సర్వే నంబరే ఉంది. దానివల్ల ఇబ్బందా?

బైరాగిపట్టెడ_సుధ
ఇబ్బంది కాదు, పద్మ గారూ. పాత పత్రంలో పాత నంబరే ఉంటుంది. మీరు అమ్మేటప్పుడు మాత్రం పాత నంబర్, కొత్త పార్శిల్ నంబర్, లేఅవుట్ నంబర్, సంవత్సరం నాలుగూ షెడ్యూల్‌లో రాయించండి. ఒక్క పార్శిల్ నంబర్ మాత్రమే రాసిన షెడ్యూల్ చూస్తే నాకు ఇప్పుడు భయం వేస్తోంది.

జీవకోన_రమణ
నా సందేహం వేరు. నా ప్లాటు డ్రాయింగ్‌లో ఉంది, హద్దులు కలిశాయి, అంతా బాగుంది. కానీ లేఅవుట్ చివరి వరుస. రీసర్వేలో వేసిన కొత్త హద్దు, పాత ఎఫ్‌ఎంబీ హద్దు కంటే నాలుగు అడుగులు లోపలికి వచ్చింది. కొత్త మ్యాపు ప్రకారం నా ప్లాటులో నాలుగు అడుగులు పక్క రైతుది. తుడా డ్రాయింగ్ పాత హద్దు మీద గీశారు. ఏది చెల్లుతుంది?

గొలుసు_లింకు
రమణా, నా అనుభవంలో తుడా ఆమోదించింది పాత కొలతల మీద కాబట్టి, ఆ కొలతలే నీకు ఆధారం. రీసర్వే హద్దు మీద అభ్యంతరం చెప్పి, సర్వేయర్ వచ్చి హద్దులు కొలిచి చూపించే ఎఫ్-లైన్ కోసం దరఖాస్తు పెట్టు. పాత రాళ్లు దొరికితే వాటి నుంచే కొలవమని రాతపూర్వకంగా అడుగు.

బైరాగిపట్టెడ_సుధ
నేను అంత గట్టిగా చెప్పను, గొలుసు గారూ. ఆ రైతు రీసర్వే సమయంలో సంతకం పెట్టి, నాలుగు అడుగులు ఎప్పటి నుంచో సాగు చేస్తూ ఉంటే? లేఅవుట్ అనుమతి ప్లాట్లు వేసుకోవడానికే గానీ, వేరే వాళ్ల భూమి మీద హక్కు ఇవ్వదు కదా. మా ఆఫీసుకు ఇట్లాంటివి రెండు వచ్చాయి, ఒకటి మాట్లాడుకొని సర్దుకున్నారు, ఇంకోటి ఇంకా నడుస్తోంది.

గొలుసు_లింకు
హక్కు ఇవ్వదన్నది ఒప్పుకుంటాను. కానీ రీసర్వేలో హద్దు గట్టును బట్టి వేశారా, పాత రాయిని బట్టి వేశారా అన్నది ముందు తేలాలి. గట్టు జరిగి ఉంటే హద్దు కూడా తప్పే. రమణా, పాత ఎఫ్‌ఎంబీ, కొత్త పార్శిల్ మ్యాపు రెండూ ఫొటో తీసి పెట్టు. కొలతలు కనబడేలా దగ్గర నుంచి తియ్యి.

కాళహస్తి_మూర్తి
వేణు బాబూ, మొదట నీ ప్రశ్న సరిగ్గా చదవకుండా ఎల్‌ఆర్‌ఎస్ చేయించుకోమన్నాను. ఇప్పుడు అర్థమైంది. అయినా అడుగుతాను, ఆ 113/2 ప్లాటును తక్కువ ధరకు ఇస్తే ఎల్‌ఆర్‌ఎస్‌లో పెట్టుకోకూడదా?

చంద్రగిరి_వేణు
మూర్తి గారూ, పక్కన వంక ఉంది, ముందున్న రోడ్డు ఎవరికీ రాసివ్వలేదు. ఆ తలనొప్పి మాకు వద్దు. ఎల్‌ఆర్‌ఎస్‌కు గడువు తేదీ కూడా ఉంటుంది, ఆ తేదీలోపు రిజిస్టర్ అయిన ప్లాట్లకే అని చెప్పారు. మాది ఇంకా రిజిస్టరే కాలేదు.

అమ్మేవాళ్లకు నకలు, ఈసీ, కొలతలు మూడూ చూపించాను. "రివైజ్డ్ లేఅవుట్‌కు పెట్టాం, త్వరలో 113/2 కూడా వస్తుంది" అన్నారు. దరఖాస్తు నంబర్ అడిగితే ఆర్‌ఓసీ నంబర్ ఇచ్చారు. సుధ గారి మాట గుర్తొచ్చింది. టోకెన్ విషయం వచ్చే నెల మాట్లాడదాం అన్నారు. రసీదు మీద "తుడా అప్రూవ్డ్ ప్లాట్ నం. 41" అని రాసే ఉంది.

గొలుసు_లింకు
ఆ ఆర్‌ఓసీ నంబర్ తీసుకొని తుడాలో ఫైలు ఏ దశలో ఉందో అడుగు. రివైజ్డ్ ఆమోదం వస్తే కొత్త డ్రాయింగ్ వస్తుంది, 113/2 అందులో కనబడుతుంది, రోడ్డు పంచాయతీకి గిఫ్ట్ అవుతుంది. అప్పటిదాకా అది వ్యవసాయ భూమిలో నాటిన రాళ్లే. రమణా, ఫొటోల కోసం చూస్తున్నాను.

జీవకోన_రమణ
పెడతాను అన్నా. కొత్త పార్శిల్ మ్యాపు రేపు సచివాలయంలో ఇస్తామన్నారు.